రోజుకి 98 అని పెడితే 191 లాగింది: ఒక వైండింగ్ షాపు రెండేళ్ల అనుభవం

గూగుల్ ప్రకటనల్లో 'రోజువారీ బడ్జెట్' అని ఒక గడి ఉంటుంది. దానికి ఆ పేరు పెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. అది రోజుకి పరిమితి కాదు, సగటు. ఈ ఒక్క ముక్క తెలియక పోయిన ఏప్రిల్‌లో చేతులు కాల్చుకున్నాను.

మాది తెనాలిలో చిన్న వైండింగ్ షాపు. ఫ్యాన్లు, మిక్సీలు, కూలర్ మోటార్లు చేస్తాం. నేనూ, ఒక కుర్రాడూ, అంతే. ప్రకటనలకి నెలకి మూడు వేలు దాటకూడదని మా ఆవిడ ముందే గీత గీసింది. ఫోన్లో 'మిక్సీ రిపేర్' అని వెతికేవాళ్లకి పైన కనబడే ప్రకటన మాది. ఎలా మొదలుపెట్టాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి ఆ సంగతి వదిలేస్తున్నా. నెలకి సగటున 30.4 రోజులు. మూడు వేలని దానితో భాగిస్తే 98 చిల్లర వచ్చింది. 98 అని పెట్టాను. మొదటి ఆరు నెలలూ సాఫీగా నడిచింది. కనబడిన షాపు వాళ్లందరికీ 'పెట్టి మర్చిపోవచ్చు' అని చెప్పుకొచ్చాను కూడా.

ఏప్రిల్ మొదటి వారంలో ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం పొద్దున్నే చూస్తే ముందురోజు ఖర్చు 191. గుండె గుభేలుమంది. తర్వాత తెలిసిందేమిటంటే, వెతికేవాళ్లు ఎక్కువున్న రోజున మనం పెట్టినదానికి రెట్టింపు దాకా తీసుకుంటుంది, గిరాకీ లేని రోజున తగ్గించుకుంటుంది. నెల మొత్తం మీద మాత్రం 98ని 30.4తో హెచ్చిస్తే వచ్చే 2,979 దాటదు. అంటే కదపకుండా వదిలేసి ఉంటే చివరికి అదే సర్దుకునేది.

నేను వదిలేస్తేగా! 12వ తేదీ రాత్రికి 1,510 అయింది. మామూలుగా అయితే 1,176 కావాలి. టెన్షన్ పడి బడ్జెట్ 50కి దించాను. మూడు రోజుల్లో ఫోన్లు పలచబడ్డాయి. సీజన్ పోతోందన్న భయంతో 16న పొద్దున్నే మళ్లీ 98 చేశాను. అసలు దెబ్బ అక్కడే తగిలింది. నెల మధ్యలో బడ్జెట్ మారిస్తే పాత 2,979 పరిమితి పోతుంది. అప్పటిదాకా అయిన ఖర్చు అలాగే ఉంచి, మిగిలిన రోజులకి కొత్త బడ్జెట్ చొప్పున కలుపుతుంది. నాకు 15వ తేదీ దాకా 1,750 అయింది. మిగిలిన 15 రోజులకి 98 చొప్పున 1,470. మొత్తం 3,220. మొదట్లో ఎక్కువగా పోయిన డబ్బు తర్వాత తగ్గించుకోవాల్సిన పని దానికి లేకుండా నేనే చేశాను. నెలాఖరుకి 3,200 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ 576. బిల్లు 3,776. ఆ కాగితం మా ఆవిడ ఖాతా పుస్తకంలో ఇంకా అంటించే ఉంది.

కోపం చల్లారాక ఇంకో లెక్క కూడా చూసుకున్నాను. ఆ 191 పోయిన రోజునే రెండు కూలర్ మోటార్లు వచ్చాయి, రెండూ కాలిపోయిన వైండింగులే. ఆ రోజు 98 దగ్గర ఆగిపోయి ఉంటే మధ్యాహ్నానికే ప్రకటన మాయమయ్యేది. ఆ రెండోవాడు ఫోన్ చేసింది సాయంత్రం ఆరింటికి. కాబట్టి రెట్టింపు లాగడం మరీ దుర్మార్గమని అనలేను. ఆ సంగతి గడి పక్కనే పెద్దక్షరాల్లో రాసి ఉండాల్సింది, అంతే నా గొడవ.

ఇప్పుడు ముందుగానే డబ్బు వేసుకునే పద్ధతిలో ఉన్నాను. ఒకటో తారీఖున మూడు వేలు వేస్తే జీఎస్టీ పోను ఖాతాలో పడేది 2,542. దాన్ని 30.4తో భాగించి 83 పెట్టాను. డబ్బు అయిపోతే ప్రకటన ఆగిపోతుంది. నాకు ఒక క్లిక్‌కి 12 నుంచి 15 రూపాయలు పడుతోంది, అంటే రోజుకి ఆరుగురు. వాళ్లలో ఒకడు ఫోన్ చేస్తే గొప్ప. అందుకే మిక్సీకి వేరు, కూలర్‌కి వేరు ప్రకటనల ప్రచారాలు నడపడం మానేశాను. 83ని రెండుగా చీలిస్తే చెరో మూడు క్లిక్కులకి మించి రావు.

'పెట్టి మర్చిపోవచ్చు' అన్న మాట ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. చూడొచ్చు, ముట్టుకోకూడదు అంటున్నాను. అది కూడా నాలాగా ఒకే ఊళ్లో, ఒకే రకం పని చేసేవాళ్లకి. పండగ ముందు నాలుగు రోజులే వ్యాపారం జరిగే బట్టల కొట్టుకి ఈ సగటు లెక్క సరిపోతుందో లేదో వాళ్లే చూసుకోవాలి. మాకైతే జనవరిలో ఖాతాలో డబ్బు మిగిలిపోతుంది. చలికాలంలో కూలర్ గురించి వెతికేవాడెవడు?