ముందే డబ్బు కట్టిన కస్టమర్‌కి థాంక్స్ నోట్: పొగిడేది మేలా, లెక్క చెప్పేది మేలా?

గడువు 30 దాకా ఉన్న బిల్లుని కస్టమర్ 18నే కట్టేశారనుకోండి. థాంక్స్ చెప్దామని కూర్చుంటే చాలామంది చేతికి మొదట వచ్చేది ఇదే:

"మీరు ఇంత త్వరగా చెల్లించడం మాకెంతో ఆశ్చర్యం, ఆనందం కలిగించింది. మీలాంటివారు అరుదు. ఇకముందు కూడా ఇలాగే చెల్లిస్తూ, మా కొత్త సరుకుకి వెంటనే ఆర్డర్లు ఇస్తారని ఆశిస్తున్నాం."

దాన్నే దిద్దితే ఇలా అవుతుంది:

"నమస్కారం అండీ. 214వ నంబర్ బిల్లు డబ్బు 18న మా ఖాతాలో పడింది. మొత్తం ముట్టింది, ఈ బిల్లు మీద ఇంక బాకీ లేదు. గడువుకి 12 రోజుల ముందే పంపినందుకు చాలా థాంక్స్, మా కొనుగోళ్లకి బాగా పనికొచ్చింది. పోయినసారి సరుకే మళ్లీ కావాలంటే దీనికే రిప్లై ఇవ్వండి, ఎంత కావాలో రాస్తే చాలు."

నా ఓటు రెండోదానికే. మొదటిదాంట్లో ఏ బిల్లు, ఎంత అందింది, ఎప్పుడు అందింది అన్నది ఎక్కడా లేదు కాబట్టి, అవతల లెక్కలు చూసే మనిషి మళ్లీ ఫోన్ చేసి అడగాల్సిందే. పైగా "ఆశ్చర్యం" అంటే మీరు టైంకి కడతారని మేం అనుకోలేదు అన్నట్టు వినిపిస్తుంది, "ఇలాగే చెల్లిస్తూ" అనేది ఇంకా ఇబ్బంది, ఆయన ఇష్టపడి చేసిన పనిని మనం రూల్ చేసేసినట్టు ఉంటుంది. ఆర్డర్ పిలుపు కూడా అంతే, "వెంటనే" అనగానే థాంక్స్ కాస్తా అమ్మకం మాట అయిపోతుంది.

అయితే రెండోదాంట్లో ఒక్క మాట దగ్గర బాగా జాగ్రత్త, "బాకీ లేదు" అన్నది. బ్యాంకు ఛార్జీలో, పన్ను కోతో పోయి కొంచెం తక్కువ పడి ఉండొచ్చు, అది చూసుకోకుండా ఆ మాట రాసేస్తే తర్వాత మిగిలింది అడగడానికి మొహం చెల్లదు. చెక్కు అయితే చేతికొచ్చిన రోజే "ముట్టింది" అనకూడదు, "చెక్కు అందింది" అని మాత్రమే రాసి, అది క్లియర్ అయ్యాక మిగతాది చెప్పాలి. ముందే కట్టినందుకు డిస్కౌంట్ ఇస్తామని ముందుగా ఒప్పుకుని ఉంటే ఆ తగ్గింపు పోగా ఎంత ముట్టిందో కూడా రాయండి, లేకపోతే మాత్రం డిస్కౌంట్ ఊసే ఎత్తొద్దు.

మూడో దారి రెండు నోట్లు పంపడం. చిన్న వ్యాపారమైతే ఓనరే అన్నీ చూసుకుంటారు కాబట్టి ఒక్కటి చాలు. పెద్ద కంపెనీలో డబ్బు పంపేది ఒకరు, ఆర్డర్ ఇచ్చేది ఇంకొకరు, అక్కడ ముట్టిందన్న మాటా థాంక్సూ లెక్కల వాళ్లకి పంపి, తర్వాతి ఆర్డర్ మాట కొనేవాళ్లకి విడిగా రాస్తేనే పని జరుగుతుంది.