వేపుడుకి ఇనుము, పులుసుకి స్టీలు: ఏడేళ్ళ వాడకం తర్వాత

రోజూ ఒక వేపుడూ, ఒక పులుసో కూరో పడే పొయ్యి మీద ఏడేళ్ళుగా నలిగినవి మూడు రకాలు: పది అంగుళాల పోత ఇనుప మూకుడు, అదే కొలతలో నాన్‌స్టిక్ పెనం, స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర ఉండే రెండు చెవుల ట్రైప్లై కడాయి. ఇనుముదీ స్టీలుదీ మొదట కొన్న పాత్రే ఇప్పటికీ నడుస్తోంది. నాన్‌స్టిక్ మాత్రం ఇప్పుడున్నది నాలుగోది. మన్నిక సంగతి ఇక్కడే సగం తేలిపోయింది. ఆరోగ్యం సంగతి అంత తేలిగ్గా తేలదు, అది పాత్ర ఒక్కదాన్నే కాదు, అందులో ఏం వండుతున్నామన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

ముందు వేపుడు చూద్దాం. అర కిలో బంగాళదుంపల్ని అరంగుళం ముక్కలుగా కోసి, రెండుసార్లు నీళ్ళు మార్చి కడిగి, గుడ్డ మీద పది నిమిషాలు ఆరబెట్టాలి. ముక్కల మీద పిండి మిగిలితే అది జిగురై ఏ పాత్రకైనా అంటుకుంటుంది. ఇనుప మూకుడుని పెద్ద బర్నర్ మీద, మధ్యస్థం కన్నా తక్కువ మంటలో ఐదారు నిమిషాలు కాగనివ్వాలి. ఇక్కడ తొందర పనికిరాదు. ఇనుములో వేడి పక్కలకి మెల్లగా పాకుతుంది కాబట్టి, పెద్ద మంట పెడితే నడుమ మాడుతుంది, అంచులు చల్లగానే ఉంటాయి. కాగాక మూడు చెంచాల నూనె, పోపు, ముక్కలు. నాలుగు నిమిషాల వరకూ అట్లకాడ ముట్టుకోకూడదు. అడుగున పొర కట్టాక ముక్క తనంతట తనే వదులుతుంది. మూత పెడితే ఆవిరి పట్టి వేపుడు కాస్తా కూర అవుతుంది. ఉప్పు చివర్లోనే వెయ్యాలి, ముందే వేస్తే ముక్కలు నీరు వదిలేస్తాయి.

మూకుడు బరువు ఫలితం ఇక్కడే కనిపిస్తుంది. అర కిలో చల్లటి ముక్కలు ఒక్కసారి పడ్డా ఇనుము చల్లారిపోదు, ఎందుకంటే లోపల దాచుకున్న వేడి చాలా ఉంటుంది. పాతిక నిమిషాల్లో ప్రతి ముక్కకీ కనీసం రెండు వైపులా ఎర్రటి పొర వస్తుంది. అదే వేడి చివర్లో ఎదురు తిరుగుతుంది కూడా. పొయ్యి కట్టేశాక మరో రెండు మూడు నిమిషాలు వేగుతూనే ఉంటుంది కాబట్టి, ఇంకొంచెం వేగాలి అనిపించినప్పుడే కట్టెయ్యాలి, వెంటనే వేరే గిన్నెలోకి తీసెయ్యాలి. ఇనుములోనే వదిలేసిన వేపుడు మధ్యాహ్నానికి నల్లబడి, నాలుకకి ఇనుప రుచి తగులుతుంది. వంకాయ, అరటికాయ లాంటి వగరు కూరల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అది విషమేమీ కాదు, వగరూ ఇనుమూ కలిస్తే వచ్చే నలుపు.

అదే వేపుడు ట్రైప్లై కడాయిలో కూడా వస్తుంది, కానీ ఒకటో రెండో చెంచాల నూనె ఎక్కువ పట్టింది. ఖాళీ కడాయిని మధ్యస్థం మంట మీద వేడి చేసి ఒక నీటి చుక్క వెయ్యాలి. చుయ్యిమని ఆవిరైతే ఇంకా కాగలేదు. చుక్క పాదరసం పూసలా దొర్లితే నూనె వెయ్యడానికి సమయం వచ్చింది. స్టీలుకి అడుగంటుతోందని చెప్పేవాళ్ళలో చాలామంది ఈ ఒక్క మెట్టూ దాటేసినవాళ్ళే.

నాన్‌స్టిక్‌లో చెంచాడు నూనెతో సరిపోతుంది, ఒక్క ముక్కా అంటదు, కానీ ఆ ఎర్రటి పొర సరిగా రాదు. వస్తుందని మంట పెంచితే అసలు ఇబ్బంది అక్కడే. టెఫ్లాన్ పూత సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటాక చెడడం మొదలవుతుంది, 350 దాటితే పొగలు హాని చేసే స్థాయికి చేరతాయి. ఆ పొగకి పంజరంలోని పక్షులు చనిపోతాయి, మనుషులకి ఫ్లూ లాంటి జ్వరం వస్తుంది. నూనె, కూరగాయలు ఉన్న పెనం మామూలుగా అంత వేడెక్కదు. ఖాళీ పెనం పెద్ద మంట మీద కొద్ది నిమిషాల్లోనే ఆ హద్దుకి చేరుతుంది. పొయ్యి మీద పెట్టి ఉల్లిపాయ తరగడానికి వెళ్ళడం మన వంటింట్లో మామూలే కాబట్టి నాన్‌స్టిక్‌కి ఇదే అసలు ముప్పు.

పొట్టులా లేచిన పూత కడుపులోకి వెళ్తే ఏమవుతుందని చాలామంది భయపడతారు. ఆ ముక్కలు అరగవు, అలాగే బయటికి పోతాయి. పెట్టె మీద ‘పీఎఫ్‌ఓఏ లేదు’ అని రాసి ఉంటే టెఫ్లాన్ లేదని అర్థం కాదు. పీఎఫ్‌ఓఏ అన్నది పూత తయారీలో వాడిన ఒక రసాయనం మాత్రమే. హానికర రసాయనాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో 2019లో చేరింది. ఆ మాట ఉన్నా పూతకి వేడి హద్దు అదే. గీతలు పడ్డ పెనంలో పులుసు ఉడికించడం మాత్రం మానుకోవాలి, ఎందుకంటే అడుగున ఉండేది సాధారణంగా అల్యూమినియం, పులుపు దాన్ని కరిగిస్తుంది. పూత పోయిందని తెలుసుకోవడానికి గీతలు లెక్కపెట్టనక్కర్లేదు. నూనె లేకుండా గుడ్డు వేస్తే నడుమ అంటుకుంటే దాని పని అయిపోయినట్టే. రోజూ వాడితే రెండేళ్ళు, జాగ్రత్తగా వాడితే కాస్త ఎక్కువ. ఇప్పుడున్నదానికి ఆమ్లెట్, పాలకోవా తప్ప వేరే పని లేదు.

ఇక పులుసు. పోత ఇనుము గురించి మోజుగా చెప్పేవాళ్ళు దాటేసేది ఇదే. ఇనుప పాత్ర అంటుకోకుండా ఉండేది ఇనుము వల్ల కాదు, దాని మీద మాడి గట్టిపడ్డ నూనె పొర వల్ల. చింతపండు, టమాటా, గోంగూర ఆ పొరని కొరుక్కుతినేస్తాయి. నిమ్మకాయంత చింతపండుతో ముప్పావు కిలో చేపల పులుసు నలభై నిమిషాలు ఇనుములో మరిగితే మూడు సంగతులు కనిపిస్తాయి. పులుసు ఎరుపు పోయి మట్టి రంగు తిరుగుతుంది. తిన్నాక నాలుక మీద చిల్లర నాణెం పెట్టుకున్న రుచి మిగులుతుంది. కడిగాక పులుసు నిండిన గీత దాకా మూకుడు నలుపు పోయి బూడిదరంగులో బయటపడుతుంది. మర్నాడు ఆ బూడిదరంగు మచ్చ మీదే తుప్పు ఎక్కుతుంది.

కరిగిన ఇనుము మేలు కదా అని అడుగుతారు. 1986లో అమెరికాలో చేసిన ఒక పరీక్షలో, ఇనుప పాత్రలో ఉడికిన స్పగెట్టి టమాటా సాస్‌లో 100 గ్రాములకి ఇనుము 0.6 మిల్లీగ్రాముల నుంచి దాదాపు 5.8కి పెరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం నెలసరి వచ్చే వయసులోని ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. ఆ పక్కన చూస్తే పాత్ర నుంచి వచ్చేది తీసిపారేసే మొత్తం కాదు. కానీ అందులో ఒంటికి పట్టేది కొద్ది భాగమే, కూర కూరకీ పూత పూతకీ లెక్క మారిపోతుంది. రక్తహీనత ఉన్నవాళ్ళు దీన్ని మందుకి బదులు అనుకోకూడదు. తలసీమియా లాగా ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఉన్న ఇంట్లో అయితే ఇనుములో పులుపు వండకపోవడమే మంచిది.

చేపల పులుసుకి ఇంకో చిక్కు ఉంది. చేప ముక్కలు పడ్డాక గరిటె పెట్టరు, గిన్నెని గుడ్డతో పట్టుకుని తిప్పుతారు. పులుసుతో నిండిన ఇనుప మూకుడు నాలుగైదు కిలోలు తూగుతుంది, దాన్ని అలా తిప్పడం ఎవరి తరమూ కాదు. ట్రైప్లై కడాయికి రెండు చెవులూ ఉంటాయి, బరువూ సగం. పల్చటి మామూలు స్టీల్ గిన్నె ఇంకా తేలిక, కానీ సన్నని సెగ మీద కూడా మంట ఉన్న మేరా గుండ్రంగా అడుగంటుతుంది, ఎందుకంటే స్టీలు వేడిని పంచదు. ట్రైప్లైలో లోపలి స్టీలుకీ బయటి స్టీలుకీ మధ్య అల్యూమినియం పొర గోడల దాకా ఉంటుంది, అది పంచుతుంది. కొనేటప్పుడు ఆ పొర అడుగుకే పరిమితమో, పైదాకా ఉందో అడగాలి. అడుగుకే ఉంటే గోడ దగ్గర మసాలా మాడుతుంది.

స్టీలులోనూ ఒక మెలిక ఉంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని నమ్మకూడదు. నికెల్ ఎక్కువుండే 304 రకానికీ అంటుకోదు, నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన చవక 202 రకానికీ అంటుకోదు. లోపలి పొర 304 అని రాసి ఉన్నదే తీసుకోవాలి. పులుపు స్టీలు నుంచి కూడా కొంచెం నికెల్‌ని బయటికి తీస్తుంది, కొత్త పాత్రలో మొదటి వాడకాల్లో ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. గిల్టు నగలకి దురద వచ్చేంత నికెల్ అలర్జీ ఉన్నవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి ఇది ఇబ్బంది కాదు. ఇక పాత్రకి వచ్చే దెబ్బ ఉప్పుతో. చల్లటి నీళ్ళలో కల్లుప్పు వేసి పొయ్యి మీద పెడితే అది అడుగున కూర్చుని గుండుసూది తలంత గుంటలు పొడుస్తుంది. అవి మళ్ళీ పూడవు. నీళ్ళు మరిగాక వేసి కలిపితే ఆ గొడవ ఉండదు. బోరు నీళ్ళ తెల్లమచ్చలకీ, నీలం రంగు మరకలకీ నిమ్మచెక్క రుద్దితే చాలు.

ఇనుప మూకుడుకి నూనె పట్టించడంలో ఎక్కువమంది చేసే పొరపాటు నూనె ఎక్కువ పుయ్యడం. వేడి నీళ్ళతో కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆరబెట్టి, అర చెంచా నూనె లోపలా బయటా రాసి, పొడిగుడ్డతో ఇంక నూనె లేదు అనిపించేదాకా తుడిచెయ్యాలి. తర్వాత పొగ వచ్చి, ఆ పొగ ఆగేదాకా వేడి చెయ్యాలి. చల్లారాక మళ్ళీ, ఇలా నాలుగుసార్లు. పూత మందమైతే లోపలి నూనె గట్టిపడక జిగటగా మిగులుతుంది, మూకుడు వేలికి అంటుకుంటుంది. అప్పుడు పీచుతో గట్టిగా తోమి మొదటి నుంచి చెయ్యడమే. మొదటి నెలలో గారెలు, పూరీలు, దుంప వేపుళ్ళు మాత్రమే వండాలి.

తర్వాత చేసేది తక్కువే. మెత్తటి స్పాంజితో కొంచెం సబ్బు తగిలినా పూత పోదు, స్టీలు పీచూ గరుకు పొడీ అయితే తీసేస్తాయి. గిన్నెలు తోమే అమ్మాయికి ఈ ఒక్కదాన్ని సింకులో నానబెట్టొద్దని చెప్పాలి, లేదా అన్నానికి కూర్చోకముందే మనమే కడిగేసుకోవాలి. కడిగాక రెండు నిమిషాలు మంట మీద ఆరబెట్టి, రెండు చుక్కల నూనె రాసి పెట్టాలి. మండుతున్న మూకుడు మీద చల్లటి నీళ్ళు పోస్తే, లేదా గచ్చు మీద జారవిడిస్తే, పోత ఇనుము పగులుతుంది. తుప్పు పట్టిన మూకుడుని మళ్ళీ దారికి తెచ్చుకోవచ్చు కానీ పగిలినదాన్ని పాత ఇనుము కొనేవాడికి వెయ్యాల్సిందే.