ఏడు రాళ్ల కమ్మలు కొనేవారికి హెచ్చరిక: ట్యాగు మీది ధర చూసి కొన్నాం, మోసపోయాం

పెళ్లిళ్ల కాలం వస్తోంది. విజయవాడ, గుంటూరుల్లో వజ్రాల నగలు కొనబోయేవారు దుకాణానికి వెళ్లే ముందు ఇది చదవాలని రాస్తున్నాను.

మా అమ్మాయి పెళ్లికి ఏడు రాళ్ల కమ్మలు కొనాలని బందరు రోడ్డులో రెండు దుకాణాలు తిరిగాం. మొదటి చోట జత 1,53,676 రూపాయలు అన్నారు. రెండో చోట రాళ్లు ఇంకా పెద్దవి, బంగారమూ ఎక్కువే, ధర మాత్రం 1,46,260. ఏడు వేలు తక్కువకే పెద్ద కమ్మలు వస్తున్నాయని అందరం సంతోషించాం. "హాల్‌మార్క్ ఉందమ్మా, దుకాణం కార్డు కూడా ఇస్తాం, ఇంకేం సందేహం?" అన్నాడు అమ్మే అబ్బాయి. హాల్‌మార్క్ బంగారానికే వర్తిస్తుందని, అందులో బంగారం స్వచ్ఛత చెప్పే 750 అంకె, నగ గుర్తింపు కోడ్ అయిన ఆరక్షరాల హెచ్‌యూఐడీ వజ్రం గురించి ఏమీ చెప్పవని అప్పుడు నాకు తట్టలేదు.

దుకాణంలో దీపాల కింద ధగధగలాడిన ఆ రాళ్లు ఇంటి వరండాలో పగటి వెలుగుకు చూస్తే మసకగా ఉన్నాయి. సబ్బునీళ్లతో కడిగినా అంతే. గుంటూరు పట్నం బజారులో మా బంధువులకు నగలు చేసే పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను.

ఆయన కమ్మను తిప్పి చూసి, "వెనుక మూసి కట్టారమ్మా, ఇలా ఉంటే రాయి రంగు తెలియదు" అన్నారు. నన్ను అడిగి ఒక రాయి ఊడదీశారు. తెల్ల కాగితాన్ని మడతపెట్టి, ఆ మడతలో రాయిని బోర్లా ఉంచారు. పక్కన తన దగ్గరున్న, రంగులేని రాళ్లకిచ్చే ఈ-ఎఫ్ గ్రేడు రాయిని పెట్టారు. అది నీటిబొట్టులా ఉంది. మాది పలచని టీ నీళ్ల రంగులో ఉంది. పసుపు బంగారంలో, మూసిన కట్టడంలో ఆ ఛాయ కలిసిపోయింది. పది రెట్ల భూతద్దంతో చూస్తే లోపల నల్లని చుక్క కనిపించింది. పక్క నుంచి చూపించి, అడుగు లోతు చాలలేదని చెప్పారు. అలా పలచగా చెక్కిన రాయి అదే బరువుకు వెడల్పుగా కనిపిస్తుంది, కానీ వెలుతురు పైకి తిరిగి రాకుండా కిందినుంచే జారిపోతుంది. పెద్ద రాళ్లని మేము మురిసిపోవడానికి ఇదీ ఒక కారణమే. రంగు కాస్త ఛాయ ఉండే జే-కే గ్రేడు, క్లారిటీ, అంటే లోపలి మచ్చలను బట్టి ఇచ్చే గ్రేడు, తక్కువ రకమైన ఎస్ఐ2 నుంచి ఐ1 ఉంటుందని అంచనా వేశారు. తర్వాత ల్యాబులో చూపించినా అదే వచ్చింది.

ఆ రాత్రి రెండు దుకాణాల చీటీలు ముందు పెట్టుకుని లెక్క వేశాను. కొనకముందే వేయాల్సిన లెక్క అది. ఆ రోజు 18 క్యారెట్ల బంగారం గ్రాము 7,500. మేము కొన్నదాంట్లో 8 గ్రాములకు 60,000, మజూరీ 12,000. పన్ను తీసేస్తే మొత్తం 1,42,000 కాబట్టి వజ్రాలకు మిగిలింది 70,000. వంద సెంట్లు ఒక క్యారెట్ కాబట్టి, రాయి 10 సెంట్ల చొప్పున 14 రాళ్లు, అంటే 1.40 క్యారెట్లు. క్యారెట్ 50,000 పడింది. మొదటి దుకాణంలో రాయి 8 సెంట్లే, మొత్తం 1.12 క్యారెట్లు, క్యారెట్ 85,000. కానీ అవి ఈ-ఎఫ్ రంగు, మచ్చలు దాదాపు లేని వీవీఎస్ క్లారిటీ, ల్యాబు సర్టిఫికెట్ ఉన్నవి. మా రాళ్ల వంటివి క్యారెట్ 30,000కే దొరుకుతాయని పెద్దాయన అన్నారు. అంటే వాటి విలువ 42,000. చవక అనుకున్న జతలో 28,000 ఎక్కువ ఇచ్చాం.

అందుకే ముందు బంగారం, మజూరీ, పన్ను విడదీయించి, వజ్రం క్యారెట్ ధర ఎంతో అడగండి. ఒకే రంగు, ఒకే క్లారిటీ, ఒకే కట్, దాదాపు ఒకే సైజు రాళ్లకే ఆ ధరలు పోల్చండి. సైజు ఎందుకంటే, ఒక క్యారెట్ ఒంటి రాయి ధరకు, అంతే బరువున్న పది చిన్న రాళ్ల ధరకు పోలికే లేదు. రాళ్లను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూడండి. వెనుక తెరిచి ఉన్న కట్టడమే అడగండి.

సర్టిఫికెట్ దుకాణం అచ్చువేసిన కార్డు కాకూడదు. జీఐఏ, ఐజీఐ వంటి ల్యాబుదై ఉండాలి. నంబరును ల్యాబు వెబ్‌సైట్లో కొట్టి, బరువు, రంగు, క్లారిటీ సరిపోయాయా, రాయి సహజమైనదా, ల్యాబులో తయారైనదా చూసుకోండి. చిన్న రాళ్ల నగకు మొత్తానికి కలిపి ఒక్క కాగితమే వస్తుంది, అందులో గ్రేడు జి-హెచ్ అన్నట్టు పరిధిగా ఉంటుంది. బంగారంలో బిగించాక రాయిని పూర్తిగా పరీక్షించడం కుదరదు కాబట్టి, పెద్ద ఒంటి రాయి కొంటే బిగించకముందు ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నదే తీసుకోండి.

కమ్మలు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. వాళ్లు బిల్లు తీసి చూపించారు. అందులో "డైమండ్ 1.40 క్యారెట్లు" అని తప్ప రంగు, క్లారిటీ ఎక్కడా రాయలేదు. "మేం ఫలానా గ్రేడు అని చెప్పామా అమ్మా?" అని అడిగారు. డబ్బు వెనక్కి ఇవ్వరట. కావాలంటే ధరలో కొంత తాము కోసుకుని, వేరే నగ ఇస్తామన్నారు.