హ్యాండిల్ లేని తలుపులకు పిల్లల లాక్‌లు: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

మా పాపకు ఎనిమిదో నెలలో పాకడం వచ్చింది. ఆ వారమే సింక్ కింది తలుపు తీసి ఫినాయిల్ సీసా పట్టుకుని కూర్చుంది. మూత గట్టిగా ఉండబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా మూడు రకాల లాక్‌లు వాడాను.

మా హైదరాబాద్ ఫ్లాట్‌లో కింది అరలకు హ్యాండిల్స్ లేవు. వంటగదిలో గోలా ప్రొఫైల్, అంటే గట్టు కింద అల్యూమినియం గాడి ఉంటుంది, అందులో వేళ్లు పెట్టి తలుపు లాగాలి. హాల్లో టీవీ యూనిట్‌ది పుష్ టు ఓపెన్. నొక్కితే లోపలి స్ప్రింగు పుల్ల తలుపును బయటికి తోస్తుంది. ఈ రెండింటికీ ఒకే లాక్ సరిపోదు. అది తెలియక మొదట డబ్బు వృథా చేశాను.

మొదట కొన్నవి బయట అతికించే పట్టీలు. స్టవ్ పక్క తలుపుకు వేసింది మూడు వారాల్లో ఊడిపోయింది. కంటికి కనబడని నూనె జిడ్డు ఉన్నచోట టేపు నిలవదు. స్పిరిట్‌తో తుడిచి, అతికించాక ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేస్తే తర్వాతివి నిలిచాయి. కానీ ఏడాదిన్నర దాటాక పాప నా చేతినే చూసి బటన్ నొక్కడం నేర్చేసుకుంది. ఫ్రిజ్‌కి మాత్రం ఇప్పటికీ పట్టీయే వాడుతున్నాను.

తర్వాత లోపల బిగించే స్ప్రింగు కొక్కెం పెట్టించాను. తలుపు కాస్త తెరిచి, సందులోంచి వేలితో కొక్కేన్ని కిందికి నొక్కాలి. గోలా తలుపులకు ఇది పనిచేస్తుంది, ఎందుకంటే పెద్దవాళ్ల చెయ్యి పైనుంచి గాడిలోకి వెళ్తుంది. అయితే ఆ రెండు సెంటీమీటర్ల సందులోకి పిల్లల వేళ్లూ వెళ్తాయి. మా పాప వేలు ఒకసారి నలిగింది, ఆ రోజే అవి తీయించేశాను.

చివరికి నిలబడింది అయస్కాంతం లాక్. కొక్కెం ఉన్న ముక్క తలుపు లోపలి వైపు, దాన్ని పట్టుకునే ముక్క అర లోపల ఉంటాయి. బయట సరిగ్గా ఆ చోట అయస్కాంతం ఉన్న తాళంచెవి పెడితే కొక్కెం విడిపోతుంది. మా షట్టర్లు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, పైన సన్‌మైకా. ఆ మందానికి తాళం బాగానే పనిచేస్తోంది. స్టీలు షట్టర్లు ఉన్నవాళ్లు మాత్రం కొనకండి, అయస్కాంత శక్తి ఆ రేకులోకే మళ్లిపోయి కొక్కెం దాకా చేరదు.

గోలా అరల్లో ఒక చిక్కు ఉంది. తలుపు పై అంచు వెనకాల ప్రొఫైల్ ఉండటంతో అక్కడ పట్టు ముక్క పెట్టడానికి చెక్క దొరకదు. మేము పక్క పలకకు పెట్టించాం. ఒకదాని మీద ఒకటి ఉన్న డ్రాయర్ల మధ్య అడ్డ చెక్క కూడా లేదు. కార్పెంటర్ రెండు అంగుళాల ప్లైవుడ్ పట్టీ అడ్డంగా బిగించి దానికి పట్టు ముక్క పెట్టాడు. దాంతో కింది డ్రాయర్లో పొడుగు డబ్బాలు పట్టడం లేదు. స్క్రూలు 12 మిల్లీమీటర్లవే వాడమని నేనే చెప్పాను, అంతకన్నా పొడుగైతే ముందువైపు సన్‌మైకా ఉబ్బే ప్రమాదం ఉంది.

ఎక్కువ ఇబ్బంది పెట్టింది టీవీ యూనిట్. పుష్ టు ఓపెన్ తలుపు తెరుచుకోవాలంటే ముందు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి కదలాలి. లాక్ బిగుతుగా ఉంటే ఆ కదలికే ఉండదు. అందుకే బిగించేటప్పుడు మధ్యలో మందపాటి అట్టముక్క పెట్టి వదులు ఉంచాం. పాప నొక్కినప్పుడల్లా పుల్ల బయటికి వచ్చి కొక్కేన్ని తోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి టేపు నెల రోజుల్లో జారింది, స్క్రూలు వేశాకే కుదిరింది. ఒత్తిడిలో ఉన్న కొక్కెం అయస్కాంతానికి కదలదు. తాళం పెట్టి, రెండో చేత్తో తలుపును కాస్త లోపలికి అదిమితే టక్కున విడుతుంది. ఇది తెలియక మా అత్తయ్య లాక్ పాడైందనుకుని తలుపు గట్టిగా లాగారు, పట్టు ముక్క విరిగింది.

వానాకాలంలో ఒక తలుపు కొంచెం జారి, కొక్కెం పట్టుకోవడం మానేసింది. మూశాక "టక్" అని వినిపించకపోతే పట్టలేదని అర్థం. కబ్జా స్క్రూ తిప్పి తలుపును పైకి జరిపితే సరిపోయింది. తాళం వాడాక ప్రతిసారీ ఫ్రిజ్ పైన, పిల్లకు అందని ఎత్తులో పెడతాను. అందులో బలమైన అయస్కాంతం ఉంటుంది, పగిలి ముక్క బయటికొస్తే పిల్లలు మింగడం చాలా ప్రమాదం. పగులు కనిపించగానే ఒకటి పారేశాను. రెండోది ఉంది కాబట్టి ఆగిపోలేదు.

బాత్రూం యాసిడ్, డ్రైనేజీ క్లీనర్ మాత్రం ఈ లాక్‌లను నమ్మి కింద పెట్టలేదు. మూయడం మరిచిపోయిన ఒక్క క్షణం చాలు కాబట్టి అవి అటక మీదే ఉన్నాయి.

పాపకు ఇప్పుడు మూడేళ్లు దాటాయి. గిన్నెల డ్రాయర్ లాక్‌ను దాని మీదున్న చిన్న మీటతో ఆపేశాను, ఊడదీయలేదు. కత్తులది, సింక్ కిందిది ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. పాత పట్టీలను హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, కింద దారం పోనిచ్చి తీశాను. సన్‌మైకా మీద మచ్చ పడలేదు, పెయింట్ వేసిన పూజ అర మీద మాత్రం రూపాయి బిళ్లంత రంగు ఊడి వచ్చింది.