జాగ్రత్త: "కోతలు లేని అడవి శబ్దం" అని అమ్మే ఫైళ్ళను స్పెక్ట్రోగ్రామ్‌లో చూడకుండా కొనకండి

పక్షుల కూతల రికార్డింగులు ఆన్‌లైన్‌లో కొనే వాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. ఒక డాక్యుమెంటరీ నేపథ్యానికి కావాలని ఒక అమ్మకందారు దగ్గర ఫైళ్ళ ప్యాక్ కొన్నాను. ప్రకటనలో ఏముందంటే: తెల్లవారుజామున అడవిలో ఏకబిగిన తీసిన పది నిమిషాల రికార్డింగ్, 48 కిలోహెర్ట్జ్ వావ్ ఫైలు, ఎక్కడా కోత లేదు, ఫిల్టర్ వేయలేదు, చుట్టుపక్కల కరెంటు తీగలు కూడా లేవు. చేతికి వచ్చింది మాత్రం రెండు నిమిషాలు కూడా లేని ముక్కను పదే పదే అతికించిన ఫైలు. దానికి తోడు మొదటినుంచి చివరిదాకా గుయ్యిమనే హమ్, మధ్యమధ్యలో టిక్కుమనే క్లిక్కులు.

డబ్బు వెనక్కి అడిగితే ఒక్కో లోపానికి ఒక్కో సమాధానం చెప్పారు. గుయ్యిమనే శబ్దం పురుగులదట. టిక్కుమన్నవి పుల్లలు విరిగిన చప్పుళ్ళట. గాలి సహజమట. చెవితో వింటే ఈ మాటలు నిజమే అనిపిస్తాయి, అందుకే ఇలాంటి అమ్మకాలు సాగిపోతున్నాయి. శబ్దాన్ని బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూస్తే ఒక్కటీ నిలబడలేదు.

స్పెక్ట్రోగ్రామ్‌లో ఎడమనుంచి కుడికి కాలం, కిందనుంచి పైకి ఫ్రీక్వెన్సీ, రంగు ఎంత ప్రకాశంగా ఉంటే శబ్దం అంత బలం. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియాల్సింది విండో సైజు సంగతి, అంటే ఒక్కోసారి ఎంత శబ్దాన్ని ముక్కగా తీసుకుని లెక్కిస్తుందో అది. Audacity ఉచితంగా దొరుకుతుంది, అందులో ట్రాక్‌ను స్పెక్ట్రోగ్రామ్‌గా మార్చి సెట్టింగ్స్ తెరిస్తే Window size అని ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ ఫైలుకు దాన్ని 8192 పెడితే ఫ్రీక్వెన్సీ సుమారు 6 హెర్ట్జ్ మెట్లుగా విడిపోయి దగ్గరదగ్గర గీతలు కూడా విడివిడిగా తెలుస్తాయి. కానీ కాలం మసకబారుతుంది, ఎందుకంటే ఒక్కో విండో సెకనులో ఆరోవంతు దాకా ఉంటుంది. అదే 512 పెడితే సెకనులో నూరోవంతు దగ్గర జరిగింది కూడా కనపడుతుంది, కానీ ఫ్రీక్వెన్సీ దాదాపు 94 హెర్ట్జ్ మెట్లుగా మారి కింది గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రెండూ ఒకేసారి దొరకవు. కాబట్టి ఫైలును రెండుసార్లు చూడాలి: హమ్ కోసం పెద్ద విండో, క్లిక్కుల కోసం చిన్న విండో. ఒక్కదానితోనే చూసి "బాగానే ఉంది" అనుకుంటే ఏదో ఒకటి తప్పించుకుంటుంది. Scale దగ్గర Linear పెట్టుకోండి, అప్పుడు హమ్ గీతల మధ్య దూరం సమానంగా కనపడుతుంది.

ముందు హమ్. విండో 8192 పెట్టి 0 నుంచి 600 హెర్ట్జ్ వరకు జూమ్ చేశాను. 50, 150, 250 దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు అడ్డగీతలు, మధ్యలో 100, 200 దగ్గర పలచగా ఇంకో రెండు. కరెంటు సరఫరా 50 హెర్ట్జ్ ఉన్నచోట హమ్ ఇలాగే 50కి గుణిజాల్లో వస్తుంది, 60 హెర్ట్జ్ దేశాల్లో అయితే 60, 120, 180 దగ్గర. ఏ పురుగూ ఇంత కచ్చితమైన లెక్కలో కూయదు. కీచురాళ్ళ శబ్దం కూడా దూరంనుంచి చూస్తే అడ్డపట్టీలాగే ఉంటుంది నిజమే, కానీ అది చాలావరకు కొన్ని కిలోహెర్ట్జ్ ఎత్తులో ఉంటుంది, కొంచెం మందంగా ఉంటుంది, విండో చిన్నది చేసి దగ్గరగా చూస్తే చిన్న చిన్న పల్స్‌లుగా విడిపోతుంది. హమ్ గీత ఎంత జూమ్ చేసినా గీతే.

ఈ మాట రాసి పంపితే సమాధానం మారింది. దూరంగా ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉందేమో, అదీ ఆ చోటి శబ్దమే కదా అన్నారు. కరెంటు తీగలు లేవన్న ప్రకటన సంగతి అలా ఉంచండి. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ కరెంటు ఒక్కో సైకిల్‌కు రెండుసార్లు కంపిస్తుంది. అందుకే గాలిలోంచి వినపడే దాని గుయ్ మనే శబ్దంలో 100, 200, 300 గీతలు బలంగా ఉంటాయి. ఈ ఫైల్లో బలంగా ఉన్నవి 50, 150, 250. అలాంటి హమ్ చాలావరకు కేబుల్లోనో, గ్రౌండ్ కనెక్షన్‌లోనో, చార్జర్‌కు తగిలించిన రికార్డర్‌లోనో పుడుతుంది. అంటే అది ఆ అడవి శబ్దం కానే కాదు, మైకు వెనకాల ఉన్న వైర్లది.

ఇక క్లిక్కులు. అసలు మోసం ఇక్కడే బయటపడింది. విండో 512కి మార్చాను. కింద సున్నా నుంచి పైన 24 కిలోహెర్ట్జ్ వరకు, అంటే ఆ ఫైల్లో ఉండగలిగిన చిట్టచివరి ఫ్రీక్వెన్సీ దాకా, ఎక్కడా ఆగకుండా నిలువుగా లేచిన సన్నని గీతలు కొన్ని కనిపించాయి. నిజంగా పుల్ల విరిగితే కూడా నిలువు గీతే వస్తుంది. కానీ దానికి ఒక తోక ఉంటుంది: పైభాగం ముందు చల్లారుతుంది, కిందిభాగం ఇంకాసేపు మసకగా సాగుతుంది, ఎందుకంటే చెట్లమధ్య శబ్దం ప్రతిధ్వనిస్తుంది, పై ఫ్రీక్వెన్సీలు గాలిలో, ఆకుల్లో త్వరగా అరిగిపోతాయి. అతికించిన ఆ ముక్కలో అలాంటి గీత నిజంగానే ఒకటి ఉంది, పోల్చుకోవడానికి పనికొచ్చింది. చెట్టు మాను మీద వడ్రంగిపిట్ట కొట్టే దెబ్బలు కూడా నిలువు గీతల వరసే, అయితే అవి చాలావరకు కింది కొన్ని కిలోహెర్ట్జ్‌లోనే ఉండిపోతాయి, వాటిమధ్య దూరం కూడా చాలా తక్కువ. తోక లేకుండా, పైదాకా ఆగకుండా లేచిన గీత అంటే శబ్దతరంగం ఒక్క శాంపిల్ దగ్గర, అంటే సెకనులో 48 వేలవ వంతులో, తెగిపోయి వేరే చోట మొదలైందని అర్థం. రికార్డింగ్ మధ్యలో డేటా జారిపోయినా అలాగే వస్తుంది, రెండు ముక్కలు సరిగ్గా కలపకుండా అతికించినా అలాగే వస్తుంది.

ఏది జరిగిందో చెప్పింది ఆ గీతల సమయాలు. 1:46, 3:32, 5:18, 7:04, 8:50. ప్రతి రెంటికీ మధ్య సరిగ్గా 106 సెకన్లు. డేటా జారడం ఇంత క్రమంగా జరగడం అరుదు. విండోను మళ్ళీ 8192కి మార్చి 1:46 దగ్గర బాగా జూమ్ చేస్తే ఇంకో రెండు విషయాలు కనిపించాయి. ఎక్కడా చెదరకుండా సాగుతున్న 50 హెర్ట్జ్ హమ్ గీత సరిగ్గా ఆ క్షణంలో ఉబ్బి, వెంటనే మళ్ళీ సన్నబడింది. ఒక హమ్ తరంగం సగంలో తెగి ఇంకోటి వేరే దశలో మొదలైతే అలా అవుతుంది. రెండోది గాలి.

గాలిని గుర్తుపట్టడం తేలిక. మైకును నేరుగా తాకే గాలి కింద 200, 300 హెర్ట్జ్ లోపల అంచులు లేని మసకగా పరుచుకుంటుంది, విసురు పెరిగితే కిలోహెర్ట్జ్ దాటి పైకి పాకుతుంది, మళ్ళీ నెమ్మదిగా దిగుతుంది. స్టీరియో రికార్డింగ్ అయితే కుడి, ఎడమ ట్రాకుల్లో ఆ మసక ఆకారం వేర్వేరుగా ఉంటుంది, ఎందుకంటే ఒక్కో మైకు ముందు గాలి సుడి వేరు. దూరంగా ఆకుల్లో వీచే గాలి ఇలా ఉండదు, అది పైన కొన్ని కిలోహెర్ట్జ్‌ల వెడల్పున పలచని హోరుగా పరుచుకుంటుంది, అది ఉంటే రికార్డింగ్‌కు అందమే. నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, గాలి ఎటువంటిదైనా నిలువు అంచుతో ఆగదు. ఈ ఫైల్లో 1:46 దగ్గర ఒక విసురు 700 హెర్ట్జ్ దాకా లేచి, నడినెత్తిన కత్తిరించినట్టు ఆగిపోయింది. 3:32 దగ్గరా అదే ఆకారం, అక్కడే కోత.

పక్షుల కూతల విషయంలో తొందరపడి నిందించకూడదు. ఒకే పిట్ట ఒకే పాటను మళ్ళీ మళ్ళీ పాడుతుంది, వంపులు ఒకేలా కనపడటం మోసానికి రుజువు కాదు. చూడాల్సింది ఆ వంపు వెనకున్నది. 12వ సెకనులో ఒక కూత 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కు ఎగబాకుతుంది, దాని తోక మీద దూరపు కాకి అరుపు పడుతుంది, కింద చిన్న గాలి మరక. 118వ సెకనులోనూ ఆ మూడూ అదే వరుసలో ఉన్నాయి. పిట్ట తన పాటను తిరిగి పాడగలదు కానీ కాకినీ గాలినీ వెంట తెచ్చుకోలేదు.

కంటికి ఒకేలా కనపడింది అన్నదానితో ఆగకుండా ఒక పరీక్ష చేశాను, ఇది ఎవరైనా చేయవచ్చు. ట్రాక్‌ను కాపీ చేసి, కాపీని సరిగ్గా 106 సెకన్లు పక్కకు జరిపి, తరంగాన్ని తలకిందులు చేసే Invert ఇచ్చి, రెండూ కలిపి వినాలి. వేర్వేరు సమయాల్లో తీసిన శబ్దాలైతే ఇంకా గందరగోళంగా వినపడతాయి. ఒకే ముక్క అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మొదటి 106 సెకన్లకు కాపీ ఉండదు కాబట్టి అవి మామూలుగానే వినిపించాయి, ఆ తర్వాత ఫైలు చివరిదాకా నిశ్శబ్దం. జరపడంలో ఒక్క శాంపిల్ తేడా వచ్చినా పై ఫ్రీక్వెన్సీలు మిగిలిపోతాయి కాబట్టి క్లిక్కు ఉన్న శాంపిల్ దాకా జూమ్ చేసి సరిపెట్టుకోండి. అతికించాక ఎంపీ3గా మార్చి, మళ్ళీ వావ్ చేసి అమ్మినా పూర్తి నిశ్శబ్దం రాదు, బాగా తగ్గిన గరగర మాత్రం మిగులుతుంది.

అదే ప్యాక్‌లో "గాలి లేని ఉదయం" అని ఇంకో ఫైలు ఉంది. అందులో హమ్ లేదు, గాలి లేదు. స్పెక్ట్రోగ్రామ్‌లో 600 హెర్ట్జ్ కింద పట్టీ మొత్తం నల్లగా ఉంది. బయట ఏ చోటైనా కింది ఫ్రీక్వెన్సీల్లో ఎంతోకొంత ఉంటుంది, అక్కడ పూర్తి నలుపు ఉందంటే ఫిల్టర్‌తో తీసేశారనే. వివరణలో రాసిన గువ్వ కూత కూడా దాంతోపాటే పోయింది. గువ్వ స్వరం 500 హెర్ట్జ్ ప్రాంతంలో దాదాపు ఒకే గీతగా ఉంటుంది. ఇక్కడ మిగిలింది వెయ్యి హెర్ట్జ్ దగ్గర దాని పలచని రెండో గీత మాత్రమే. తక్కువ స్వరంతో కూసే గుడ్లగూబల కోసం ఎవరైనా ఈ ఫైలు కొంటే చేతికి ఏమీ దొరకదు.

స్క్రీన్‌షాట్లు, పరీక్ష చేసిన ఫైలు పంపాక ఆ అమ్మకందారు సమాధానాలు ఇవ్వడం మానేశారు, డబ్బు రాలేదు. ప్రకటన ఇంకా అలాగే ఉంది. వినమని పెట్టిన నమూనా ముప్పై సెకన్ల ఎంపీ3, అందులో అతుకు రానే రాదు, ఫోన్ స్పీకర్‌లో 50 హెర్ట్జ్ వినపడదు. ఎవరి దగ్గర కొన్నా డబ్బు కట్టేముందు ఫైలు నడిమధ్యనుంచి కనీసం మూడు నాలుగు నిమిషాల వావ్ ముక్క అడగండి. అది కుదరదంటే, మొత్తం ఫైలు స్పెక్ట్రోగ్రామ్ బొమ్మలు రెండు, ఒకటి 8192తో 0 నుంచి 600 హెర్ట్జ్ వరకు, ఇంకోటి 512తో పూర్తి ఎత్తులో పంపమనండి. నిజంగా అడవిలో కూర్చుని రికార్డు చేసినవాళ్ళకు అది ఐదు నిమిషాల పని.