ఎస్‌జీఏ ఫారంలో ‘గత రెండు వారాలు’ అనే గడి: సర్జరీ వార్డులో ఏళ్ల తరబడి వాడాక

రోగికి పోషణ ఎలా ఉందో తేల్చే సబ్జెక్టివ్ గ్లోబల్ అసెస్‌మెంట్, అంటే ఎస్‌జీఏలో ఏమేం అడుగుతారో వార్డులో పనిచేసేవాళ్లకు మళ్లీ చెప్పక్కర్లేదు. బరువు, తిండి, వాంతులు విరేచనాలు, తిరిగే ఓపిక, ఆపైన చేత్తో పట్టి చూసే పరీక్ష, చివర ఏ, బీ, సీలలో ఒక అక్షరం. ఏ అంటే పోషణ బాగున్నట్టు, బీ అంటే ఓ మోస్తరు లోపం, సీ అంటే తీవ్ర లోపం. 1980లలో టొరంటోలో డెట్‌స్కీ, జీజీభాయ్ బృందం రూపొందించిన ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిందీ, జాగ్రత్తగా లేకపోతే అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేదీ ఒకటే గడి. గత రెండు వారాల్లో బరువు పెరుగుతోందా, నిలకడగా ఉందా, ఇంకా తగ్గుతూనే ఉందా అన్నది.

ఆ గడి విలువ తెలియాలంటే ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఇద్దరూ ఆరు నెలల కింద 50 కిలోలు, ఈ రోజు 45.5. ఇద్దరికీ తగ్గింది 9 శాతమే. మొదటామెకు యాసిడ్ వల్ల అన్నవాహిక మూసుకుపోయింది. 43కి పడిపోయాక పేగులోకి ట్యూబు వేసి మూడు వారాలుగా ఫీడ్ ఇస్తున్నారు, అక్కడి నుంచి 45.5కి వచ్చింది, ఒంట్లో ఎక్కడా నీరు లేదు. రెండో మనిషి మొన్నటిదాకా 47, ఇవాళ 45.5, అన్నం మానేసి జావ మీద ఉన్నాడు. శాతం లెక్క ఇద్దరినీ ఒకే గాట కడుతుంది. ఎస్‌జీఏ అలా కట్టదు. నిజమైన కండా కొవ్వూ తిరిగి చేరుతున్న మనిషిని ఒక మెట్టు పైకి, జారుతున్న మనిషిని కిందికి పెడుతుంది. మొదటామె బీ అవుతుంది, ఇంకో రెండు వారాలు ఇలాగే సాగితే ఏ కూడా అనొచ్చు. రెండో మనిషి బీ అయినా సీ వైపు నడుస్తున్న బీ. ఆపరేషన్‌కు ఎవరు ముందు తట్టుకుంటారో చెప్పేది మొత్తం తగ్గుదల కాదు, ఈ దిశ.

గడి నింపడం మాత్రం అడిగినంత తేలిక కాదు. ‘ఆరు నెలల కింద ఎంత బరువున్నారు’ అంటే మన దగ్గర చాలామందికి జవాబు ఉండదు. ‘సంక్రాంతికి ఎలా ఉన్నావు పెద్దాయనా, అప్పటి చొక్కా ఇప్పుడు పడుతుందా’ అంటే వస్తుంది. బెల్టుకు కొత్తగా పొడిచిన చిల్లు, జారిపోతున్న ఉంగరం, కుట్లు వేసి బిగించిన జాకెట్టు అన్నీ పనికొచ్చేవే. పాత ఓపీ చీటీలు, ఊళ్లో ఆరోగ్య కేంద్రం ఇచ్చిన కాగితాలు సంచిలోంచి తీయించాలి. రెండు వారాల కిందటి అంకె ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. తిండి సంగతి రోగిని ఒక్కణ్నే అడగకూడదు. ‘బాగానే తింటున్నానయ్యా’ అంటాడు. ‘పూటకు ఎంత పెడుతున్నావమ్మా, ఎంత వదిలేస్తున్నాడు’ అని వడ్డించే మనిషిని అడిగితే అసలు లెక్క బయటపడుతుంది.

ఇక ఈ గడి ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ఒక కేసు పట్టుకుని వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది పదేపదే జరుగుతుంది.

జీర్ణాశయం చివర క్యాన్సర్ గడ్డ, దారి మూసుకుపోయి వాంతులు. వయసు 58, ఎత్తు 165 సెంటీమీటర్లు. మామూలు బరువు 60. రెండు వారాల కిందటి ఓపీ చీటీలో 54.5. చేరిన రోజు వార్డు స్కేలు మీద 53. ముక్కులోంచి జీర్ణాశయంలోకి రైల్స్ ట్యూబు వేసి, మూడు రోజులు సెలైన్లు ఎక్కించి, నాలుగో రోజు ఆపరేషన్‌కు ముందు ఫారం నింపుతూ మళ్లీ తూచారు. 56. ఫారంలో పడినవి ఇవి: మొత్తం తగ్గుదల 6.7 శాతం, గత రెండు వారాల్లో ‘పెరిగింది’. చివర బీ, పక్కన ‘కోలుకుంటున్నాడు’.

అంకెల్లో తప్పు లేదు, తీర్పు తప్పు. మూడు రోజుల్లో మూడు కిలోల మాంసం ఎవరికీ పట్టదు, అది మూడు లీటర్ల నీరు. చీలమండ దగ్గర బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కితే గుంట పడింది. మూడు రోజులుగా మంచం మీదే ఉన్న మనిషి కాబట్టి పక్కకు తిప్పి నడుము కింద కూడా నొక్కాలి, అక్కడ గుంట ఇంకా లోతు. పడుకుని ఉన్నవాళ్లలో నీరు ముందు చేరేది వీపు కింద, కాళ్లకు కాదు. అక్కడ చూడకుండా ‘వాపు లేదు’ అని రాసేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

అలాగని చేరిన రోజు 53నే నిజం అనడానికీ లేదు. వాంతులతో ఎండిపోయి వచ్చిన మనిషి, ఆ లెక్కలో 11.7 శాతం తగ్గుదలలో కొంత నీటి లోటు ఉంటుంది. ఓపీ చీటీ 54.5 ప్రకారం 9.2 శాతం, పైగా అది వేరే స్కేలు, చెప్పులతో తూచారో లేదో తెలియదు. అంటే నిజం, తీవ్ర తగ్గుదలగా లెక్కించే పది శాతం గీతకు అటో ఇటో ఉంది. ఇక్కడ అంకెలతో పోట్లాడి లాభం లేదు, చేతులు చెప్పాలి.

మోచేయి వంచి, పై చేయి వెనక మధ్యలో కండ రాకుండా చర్మాన్ని మాత్రం పట్టుకుంటే రెండు వేళ్లూ దాదాపు తగిలాయి. కింది పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. భుజం గుండ్రం పోయి మూల తేలింది. తొడ ముందు కండ పట్టుకుంటే మెత్తగా వేలాడింది. కణతల్లో గుంటలు. నాలుగు వారాలుగా జావ మాత్రమే, చివరి ఐదు రోజులు అదీ నిలవలేదు. తిండి ఇంకా పడిపోతూ, కొవ్వూ కండా ఇంతగా కరిగిన మనిషికి 9.2 అయినా 11.7 అయినా అక్షరం సీ. చేరినప్పుడు బీఎంఐ 19.5, అంటే మామూలు హద్దులోనే. దాని మీద ఆధారపడితే ఈయన అసలు కంటికే కనబడడు.

బీకీ సీకీ తేడా కాగితం మీది తేడా కాదు. ఆపరేషన్‌కు ముందు నరం ద్వారా పోషణ ఇచ్చి చూసిన అమెరికా వెటరన్స్ ఆసుపత్రుల అధ్యయనం 1991లో వచ్చింది. అందులో తీవ్ర లోపం ఉన్నవాళ్లకే మేలు కనబడింది. స్వల్ప లోపం ఉన్నవాళ్లలో ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. యూరప్ సర్జరీ పోషణ మార్గదర్శకాలు కూడా తీవ్ర ప్రమాదం ఉన్నవాళ్లకు, క్యాన్సర్ ఆపరేషన్ వాయిదా పడినా సరే, 7 నుంచి 14 రోజులు పోషణ ఇచ్చాకే వెళ్లమంటాయి. ఆ తీవ్ర ప్రమాదానికి వాళ్లు పెట్టుకున్న గుర్తుల్లో ఎస్‌జీఏ సీ ఒకటి. ఈయనకు ముక్కులోంచి అడ్డు దాటించి పేగులోకి ఎన్‌జే ట్యూబు వేసి ఫీడ్ మొదలుపెట్టాలా, రేపే టేబుల్ ఎక్కించాలా అన్నది ఆ అక్షరం మీదే నిలిచింది.

అందుకే కేస్ షీట్‌లో ‘ఎస్‌జీఏ బీ’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే నాకు కోపం వస్తుంది. రేపు రౌండ్స్‌లో సర్జన్ అడిగినా, అనస్థీషియా వాళ్లు అడిగినా ఆ అక్షరం తనను తాను కాపాడుకోలేదు. పాయింట్లు కూడితే వచ్చే స్కోరు కాదు ఇది. చూసినవాళ్ల తీర్పు. కాబట్టి ఎలా తేల్చారో రాస్తేనే దానికి విలువ. పై మనిషికి రాయాల్సింది సుమారు ఇలా ఉంటుంది:

‘ఎస్‌జీఏ సీ. మామూలు బరువు 60 (భార్య చెప్పింది, సంక్రాంతి నాటిది). రెండు వారాల కింద 54.5 (ఓపీ చీటీ), చేరిన రోజు 53 (వార్డు స్కేలు). ఈ రోజు 56, మూడు రోజుల సెలైన్ తర్వాత, చీలమండల దగ్గర, నడుము కింద నీరు ఉంది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. నాలుగు వారాలుగా జావ, ఐదు రోజులుగా దాదాపు ఏమీ లేదు. మూడు వారాలుగా రోజూ వాంతులు. చేతి వెనక కొవ్వు, భుజం, తొడ కండ బాగా తగ్గాయి. బీ అనిపించేవి: బీఎంఐ 19.5, చేరిన బరువులో నీటి లోటు. అయినా తిండి పడిపోతూనే ఉంది, కొవ్వు కండల నష్టం స్పష్టం, అందుకే బీ కాదు.’

ఇందులో రెండు విషయాల్లో పట్టు విడవకూడదు. ఒకటి, ప్రతి బరువు పక్కన అది కొలిచిందా, చెప్పిందా, ఎప్పటిది అన్నది. రెండోది ఆ ‘అయినా’ వాక్యం. తీర్పుకు ఎదురు తిరిగే సంగతి ఏదో రాసి, దాన్ని ఎందుకు పక్కన పెట్టామో చెప్పాలి. ఆ వాక్యం రాయడానికి కూర్చుంటే సగం తప్పులు అక్కడే బయటపడతాయి. 56ను వాడి ఉంటే ‘పెరిగింది, అయినా నీరు ఉంది’ అని రాయాల్సి వచ్చేది, బీ అక్కడే కూలిపోయేది. ఐదు రోజులు ఏమీ లేదన్న లైను ఇంకో పనికీ వస్తుంది. ఫీడ్‌గానీ డెక్స్‌ట్రోస్‌గానీ మొదలుపెట్టే ముందు థయమిన్ ఇవ్వాలని, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం చూడాలని డ్యూటీ డాక్టర్‌కు గుర్తు చేసేది అదే.

ఆల్బుమిన్ 2.6 ఉంది కాబట్టి సీ అని రాసేవాళ్లూ ఉన్నారు. ఆల్బుమిన్ ఈ ఫారంలోనే లేదు. చీము పట్టినా, ఒంట్లో వాపు రేగినా, సెలైన్ ఎక్కువైనా అది పడిపోతుంది, తిండికి సంబంధం లేకుండానే. వేరే లైనులో రాసుకోవచ్చు, అక్షరానికి కారణంగా మాత్రం కాదు.

పైన రెండు వారాల గడిని మెచ్చుకున్నాను కదా, ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. అది బాగా పనిచేసేది ఆసుపత్రిలో చేరిన మొదటి రోజు, సెలైన్ ఎక్కకముందు. తర్వాత నింపితే నీటిని కొలుస్తున్నట్టే. లివర్ జబ్బుతో పొట్టలో నీరున్నవాళ్లలో, కిడ్నీ రోగుల్లో ఆ గడి మీద నాకు దాదాపు నమ్మకం లేదు, అక్కడ భుజమూ తొడా చూసే తీర్పు ఇస్తాను. ఇద్దరు చూస్తే ఒకే అక్షరం వస్తుందని మొదటి అధ్యయనాలు చూపిన మాట నిజమే, కానీ అది కలిసి నేర్చుకున్న చేతుల మాట. కొత్తగా వచ్చిన పీజీలకు పొలం పనిచేసే బక్కపలుచటి మనిషి సీలా కనిపిస్తాడు. భుజం పట్టుకుంటే రాయిలా ఉంటుంది, తిండి సరిగ్గా ఉంటుంది, అతను ఏ. బొద్దుగా ఉన్నామె కండ కరిగిపోయినా ఏలా కనిపిస్తుంది. కొవ్వు కింద తొడ కండను వెతికి పట్టుకోవాలి.

పది రోజుల ఫీడ్ తర్వాత మళ్లీ చేసి మార్పు చూపించమని అడిగితే ఇది చేతులెత్తేస్తుంది. అప్పటికీ సీ సీగానే ఉంటుంది, ఎందుకంటే చేతి వెనక కొవ్వు పది రోజుల్లో తిరిగి రాదు. ఆ పనికి రోజూ లోపలికి వెళ్లిన ఫీడ్ లెక్క, పిడికిలి బలం చూడటం మేలు.

జీర్ణాశయం, అన్నవాహిక, పేగు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే వార్డు, రోగి పక్కన పది నిమిషాలు కూర్చోగలిగే మనిషి, చేరిన రోజే తూచే అలవాటు ఉంటే నేను దీన్నే వాడతాను. హెర్నియాకు పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లకు ఇంత అక్కర్లేదు, రెండు ప్రశ్నల స్క్రీనింగ్ చాలు. ఆపరేషన్ ముందు రాత్రి చెక్‌లిస్టు కోసం నింపాల్సిన పరిస్థితే మీదైతే, ఆ రెండు వారాల గడి ఖాళీగా వదిలి ‘సెలైన్ తర్వాత తూచాం, చెప్పలేం’ అని రాయండి.