ఘాట్ రోడ్డు మీద 40 ఎంబీ ఫైల్: ఒక్క POST, ఎస్3 మల్టీపార్ట్, టస్.. ఏది మేలు?

"అన్నా, తొంభై ఎనిమిది దాకా వెళ్లి మళ్లీ సున్నాకి వచ్చింది, ఇది మూడోసారి" అని పాడేరు నుంచి విశాఖ వచ్చే బస్సులోంచి ఫోన్. మాట్లాడుతుండగానే కట్టయింది. సిగ్నల్ ఎలా ఉందో ఆ ఒక్క కాల్‌తోనే అర్థమైంది.

మా యాప్ చేసే పని చిన్నదే. ఇంటి లోన్ల వాల్యుయేషన్‌కి వెళ్లే కుర్రాళ్లు ఇంటి ఫోటోలు ఓ పన్నెండు తీస్తారు, సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు స్కాన్ చేసి ఒక పీడీఎఫ్ చేస్తారు, రెండూ సర్వర్‌కి పంపాలి. ఆ రోజు పీడీఎఫ్ సరిగ్గా 40 ఎంబీ. ఆ దారిలో అప్‌లోడ్ వేగం బాగున్నప్పుడు సెకనుకి 1 మెగాబిట్, అంటే దాదాపు 125 కేబీ. లెక్కేస్తే ఐదున్నర నిమిషాలు. ఘాట్ రోడ్డు మీద ఐదున్నర నిమిషాలు తెగకుండా నిలిచే సిగ్నల్ ఎక్కడుంది? మేమేమో మొత్తం ఫైల్‌ని ఒకే POSTలో పంపేవాళ్లం, మధ్యలో తెగితే సర్వర్ దగ్గర ఏమీ మిగలదు. మూడుసార్లు దాదాపు చివరిదాకా వెళ్లి పోయిందంటే నూటపది ఎంబీల పైన కుర్రాడి డేటా గాలికి పోయినట్టే.

తప్పు మాదే, ఆఫీసు వైఫైలో టెస్ట్ చేసి "బాగానే ఉంది" అనుకున్నాం. ఆ తర్వాత మూడు పద్ధతులూ పెట్టి చూశాం కాబట్టి దేనికి ఏది పనికొస్తుందో చెప్తాను.

ముందు ఆ పాత POST సంగతి. దాన్ని పూర్తిగా తీసేయక్కర్లేదు. ఫోటోలకి ఇప్పటికీ అదే వాడుతున్నాం, కాకపోతే పంపే ముందు ఫోన్‌లోనే ఫోటోని చిన్నది చేస్తున్నాం. పన్నెండు మెగాపిక్సెల్ ఫోటో నాలుగు ఎంబీ దాకా ఉంటుంది. పొడుగు వైపు 2000 పిక్సెల్స్‌కి తగ్గించి జేపెగ్ క్వాలిటీ 80 పెడితే మా ఫోటోలు చాలావరకు ఆరేడు వందల కేబీకి వచ్చేశాయి. ఐదారు సెకన్ల పని, తెగినా మళ్లీ మొదటినుంచి పంపుకోవచ్చు. దీనికోసం ముక్కలు చేయడం, ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవడం అనవసరం. రెండు జాగ్రత్తలు మాత్రం కావాలి. ఫోటోని మళ్లీ ఎన్‌కోడ్ చేసినప్పుడు ఎగ్జిఫ్ సమాచారం పోతుంది, అంటే జీపీఎస్, ఫోటో ఏ వైపు తిరిగి ఉండాలన్న గుర్తు రెండూ పోతాయి. వాల్యుయేషన్‌లో జీపీఎస్ లేని ఫోటో ఎవరికీ పనికిరాదు, అందుకని లొకేషన్‌ని పాత ఫైల్ నుంచి తీసి కొత్తదానిలో రాయాలి, తిప్పాల్సిన ఫోటోని ముందే తిప్పి సేవ్ చేయాలి. రెండోది, ఫోటో సర్వర్‌కి చేరింది కానీ "చేరింది" అన్న జవాబు ఫోన్‌కి రాకముందే సిగ్నల్ పోయింది అనుకోండి. ఫోన్ మళ్లీ పంపుతుంది, అదే వంటగది రెండుసార్లు కనిపిస్తుంది. ప్రతి ఫోటోకి ఫోన్‌లోనే ఒక ఐడీ పుట్టించి పంపితే, ఆ ఐడీ ముందే వచ్చి ఉంటే సర్వర్ రెండోదాన్ని పక్కన పడేస్తుంది.

పీడీఎఫ్‌ని మాత్రం ఇలా నలిపేయలేం. తగ్గించి చూస్తే పాత డీడ్‌లో స్టాంపు మీది అక్షరాలు, వేలిముద్రలు అలుక్కుపోయాయి. అసలు పోటీ ఇక్కడే.

అమెజాన్ ఎస్3 మల్టీపార్ట్ ముందు పెట్టాం, ఫైళ్లు ఎలాగూ అక్కడే దాస్తాం కాబట్టి. మా సర్వర్ అప్‌లోడ్ మొదలుపెట్టి ఒక్కో ముక్కకి సంతకం చేసిన లింకు ఇస్తుంది, ఫోన్ ఆ ముక్కని నేరుగా ఎస్3కి PUT చేస్తుంది, ప్రతి ముక్కకీ ETag అనే ఒక గుర్తు వస్తుంది, చివర్లో ఆ నంబర్లు, ETagలు జాబితాగా ఇస్తే ఎస్3 అన్నిటినీ కలిపి ఒక ఫైల్ చేస్తుంది. మా సర్వర్ మీద ఒక్క బైటు బరువు పడదు, అది నిజంగా పెద్ద లాభం. కానీ చివరి ముక్క తప్ప ఏదీ 5 ఎంబీ కంటే చిన్నది ఉండకూడదన్న నియమం ఒకటుంది. మన వేగంలో 5 ఎంబీ అంటే 42 సెకన్లు. నలభయ్యో సెకనులో తెగితే ఆ ముక్క మొత్తం పోయినట్టే, సగం ముక్కని ఎస్3 దాచుకోదు. ఇంకో తెలివి చూపించాం, మూడు ముక్కలు ఒకేసారి పంపితే వేగంగా అవుతుందని. సన్నటి గొట్టంలో మూడు ధారలు కలిపితే గొట్టం వెడల్పవదు కదా, ఒక్కో ముక్కకి 42 బదులు 126 సెకన్లు పట్టింది, తెగినప్పుడు మూడూ కలిసి పోయాయి! ఒకటి తర్వాత ఒకటి పంపిందే నయం.

ఇంకో మాట, సగంలో వదిలేసిన ముక్కలు బకెట్‌లో మామూలుగా కనిపించవు గానీ స్టోరేజీ బిల్లులో కనిపిస్తాయి. `AbortIncompleteMultipartUpload` అనే లైఫ్‌సైకిల్ రూల్ పెట్టి ఏడు రోజులకి చెరిపేయమన్నాం. ఎస్3 వాడేవాళ్లు ఈ రూల్ మొదటి రోజే పెట్టుకోండి.

తర్వాత టస్. ఇది అప్‌లోడ్ కోసం ఎవరైనా వాడుకోగల ప్రోటోకాల్, మామూలు హెచ్‌టీటీపీ మీదే నడుస్తుంది, `tusd` అని సర్వర్ రెడీగా దొరుకుతుంది. మొదట POSTతో "ఇంత సైజు ఫైల్ వస్తోంది" అని చెప్తే సర్వర్ ఒక అడ్రస్ ఇస్తుంది. తర్వాత PATCHతో బైట్లు పంపుతాం. తెగిందా, మళ్లీ కలిసినప్పుడు ఫోన్ ఊహించుకోదు, ఎక్కడిదాకా వచ్చిందో సర్వర్‌నే అడుగుతుంది:

```
HEAD /files/7c1e HTTP/1.1
Tus-Resumable: 1.0.0

HTTP/1.1 200 OK
Tus-Resumable: 1.0.0
Upload-Offset: 23068672
Upload-Length: 41943040
```

అంటే 40లో 22 ఎంబీ చేరింది, 23068672 నుంచి పంపు అని. ఎస్3తో తేడా ఇదే. PATCH మధ్యలో తెగినా అప్పటిదాకా వచ్చిన బైట్లని సర్వర్ ఉంచుకుంటుంది, ముక్క పూర్తయ్యిందా లేదా అన్న పట్టింపు లేదు.

చెప్పడానికి బాగుంది, మేం పెట్టిన మొదటి రోజు మాత్రం ఎప్పుడు తెగినా HEADకి `Upload-Offset: 0` అనే జవాబే. టస్ లైబ్రరీని ఒక పూట తిట్టుకున్నాక తెలిసింది, దోషం `tusd`కి ముందు ప్రాక్సీగా నిలబెట్టిన ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ది. అది మామూలుగా రిక్వెస్ట్ మొత్తం తన దగ్గరకి చేరేదాకా ఆపుకుని అప్పుడు వెనకున్న సర్వర్‌కి ఇస్తుంది. మధ్యలో తెగితే ఆ ఆపుకున్నది పారేస్తుంది, `tusd`కి ఒక్క బైటూ అందదు. ఈ రెండు లైన్లతో సరిపోయింది:

```
proxy_request_buffering off;
client_max_body_size 0;
```

రెండోది ఎందుకంటే ఎన్‌జిన్‌ఎక్స్ సొంతంగా ఒప్పుకునే సైజు 1 ఎంబీయే, అది దాటితే 413 ఇస్తుంది. మీకు తెగినప్పుడల్లా ఆఫ్‌సెట్ సున్నా దగ్గరో, సరిగ్గా గత ముక్క చివరో ఆగుతుంటే మధ్యలో ఎవరో బఫర్ చేస్తున్నారని అనుమానించండి.

మరి అసలు ముక్కలు చేయాలా? బఫరింగ్ లేకపోతే టస్‌లో ఫైల్ మొత్తం ఒకే PATCHలో పంపొచ్చు. మేం మాత్రం 1 ఎంబీ ముక్కలు పెట్టుకున్నాం. ఒక్కో ముక్క ఎనిమిదిన్నర సెకన్లు, 40 ముక్కలు, ఒక్కోదానికి జవాబు రావడానికి 0.3 సెకను వేసుకుంటే మొత్తం మీద 12 సెకన్లు అదనం. అదే 256 కేబీ ముక్కలైతే 160 జవాబులు, 48 సెకన్లు అదనం, అది ఎక్కువనిపించింది.

ముక్కలు పెట్టడానికి నా అసలు కారణం ప్రోగ్రెస్ బార్. ఫోన్‌లో అప్‌లోడ్ ఈవెంట్ చెప్పే లెక్క, ఫోన్ తన నెట్‌వర్క్ బఫర్‌లోకి తోసిన బైట్లది, సర్వర్‌కి చేరినవాటిది కాదు. అందుకే బార్ పరిగెత్తుకెళ్లి ఒకచోట బిగుసుకుపోతుంది, మళ్లీ కలిశాక వెనక్కి వస్తుంది, చూసేవాడికి టెన్షన్. ఇప్పుడు సర్వర్ ఒప్పుకున్న ఆఫ్‌సెట్‌నే చూపిస్తున్నాం. ఎనిమిదిన్నర సెకన్లకోసారి రెండున్నర శాతం కదులుతుంది, కొంచెం గెంతినట్టే ఉంటుంది, కానీ వెనక్కి రాదు. తెగినప్పుడు "సిగ్నల్ కోసం ఆగింది, 40లో 22 ఎంబీ చేరింది" అని రాస్తాం. ఆ లైన్ పెట్టాక "పోయిందా ఉందా" అని అడిగే కాల్స్ దాదాపు ఆగాయి.

మళ్లీ ప్రయత్నించడం దగ్గర మొదట లైబ్రరీ ఉదాహరణలో ఉన్నట్టే 0, 3, 5, 10, 20 సెకన్ల విరామాలు పెట్టి వదిలేశాం. కలిపితే 38 సెకన్లు, ఘాట్‌లో ఇరవై నిమిషాలు సిగ్నల్ ఉండని చోట ఏ మూలకి? ఇప్పుడు ఆ ఐదూ అయిపోతే పనిని ఆండ్రాయిడ్ వర్క్‌మేనేజర్‌కి అప్పగిస్తాం, నెట్ వచ్చినప్పుడు లేపమని. ఒక్క ముక్క చేరినా లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. 500ల ఎర్రర్లకి మళ్లీ పంపాలి, 400ల వాటికి మామూలుగా పంపకూడదు, కానీ టస్‌లో 409, 423 వేరు. 409 అంటే ఫోన్ చెప్పిన ఆఫ్‌సెట్ తప్పు, మళ్లీ HEAD అడగాలి. 423 అంటే పాత కనెక్షన్ చచ్చిన సంగతి సర్వర్‌కి ఇంకా తెలియక ఫైల్‌కి తాళం వేసే ఉంచింది, కాసేపు ఆగి అడగాలి. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినప్పుడు ఇది ఎక్కువ కనిపిస్తుంది.

ఏ పద్ధతైనా తప్పని గుంట ఒకటి: ఫైల్ పికర్ ఇచ్చే `content://` అడ్రస్‌కి అనుమతి శాశ్వతం కాదు. యాప్ మూసేసి మర్నాడు తెరిస్తే సర్వర్ 22 ఎంబీ దగ్గర ఎదురుచూస్తోంది, ఫోన్‌కేమో ఫైల్ చదివే హక్కే లేదు. ఎంచుకోగానే ఫైల్‌ని యాప్ సొంత ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అప్‌లోడ్ పూర్తయ్యాక చెరిపేయడమే మాకు దొరికిన మందు.

నన్నడిగితే, ఒక ఎంబీ లోపు ఫోటోలకి ఒక్క POST, ఐడీతో సహా. పది ఎంబీ దాటిన డాక్యుమెంట్లకి, సిగ్నల్ నమ్మలేని చోట, టస్. మంచి వైఫై మీంచి వందల ఎంబీల వీడియోలు, అదీ రోజూ వేలల్లో వస్తుంటే ఎస్3 మల్టీపార్టే మేలు, అంత బరువు మీ సర్వర్ మీదుగా పంపడం దండగ. రెండింటి మధ్యలో ఉంటే `tusd`ని ఎస్3లో దాచేలా పెట్టుకోవచ్చు, మేం ఇప్పుడు చేస్తున్నది అదే. కాకపోతే ప్రతి బైటూ మా సర్వర్ మీదుగానే వెళ్తుంది, నెలాఖరున ఆ బ్యాండ్‌విడ్త్ డబ్బులు మేమే కట్టుకోవాలి.